నేల లోపలి రిస్క్ ఎవరిది? ఒకే సొరంగాన్ని మూడు కాంట్రాక్టుల్లో పెట్టి చూద్దాం

సొరంగం, లోతైన షాఫ్ట్, నది అడుగున పైపు లాంటి పనులకు టెండర్ వేసేవాళ్లు రేట్ల కంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. తవ్వకం మొదలయ్యాక బోర్ రిపోర్టులో కనిపించనిదేదో ఎదురైతే, ఆ ఖర్చు, ఆ ఆలస్యం ఎవరి ఖాతాలో పడతాయి? మన సైట్లలో అలాంటిదాన్ని జియోలాజికల్ సర్‌ప్రైజ్ అంటారు. అది నిజంగా సర్‌ప్రైజేనా, కాంట్రాక్టర్ ముందే ఊహించి ఉండాల్సిందా అన్నది రాయిని చూసి తేలదు. కాంట్రాక్టు చూస్తేనే తేలుతుంది.

క్లయింట్ ముందు స్థూలంగా మూడు దారులున్నాయి. ఒకటి, నేల రిస్క్ మొత్తం కాంట్రాక్టర్ నెత్తిన పెట్టడం. రెండు, ఊహించని నేల తగిలితే కాంట్రాక్టర్‌కు డబ్బు, సమయం ఇచ్చే డిఫరింగ్ సైట్ కండిషన్స్ క్లాజ్ పెట్టడం. ఇక్కడినుంచి దీన్ని తేడా క్లాజ్ అంటాను. మూడు, ఆ తేడాను దేనితో పోల్చి కొలవాలో చెప్పే జియోటెక్నికల్ బేస్‌లైన్ రిపోర్టును, అంటే జీబీఆర్‌ను, ఆ క్లాజ్‌కు జత చేయడం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సొరంగాలకు మూడోదే సరైనది, కానీ దాన్ని రాయడానికి ఓపిక, ధైర్యం రెండూ ఉన్న క్లయింట్‌కే అది పనికొస్తుంది. పునాదులు, పైపులైన్ల లాంటి తక్కువ లోతు పనులకు రెండోది చాలు. మొదటిది తక్కువ ధరకు దొరికినట్టు కనిపిస్తుంది గానీ, చాలాసార్లు ఆ ధరకు పని పూర్తి కాదు.

అంతా కాంట్రాక్టర్‌దే

అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సంఘం ఫిడిక్ తెచ్చిన నమూనా కాంట్రాక్టుల్లో సిల్వర్ బుక్ ఒకటి. అందులోని క్లాజ్ 4.12 ఈ విషయాన్ని మొహమాటం లేకుండా చెబుతుంది. ఎదురయ్యే కష్టాలన్నీ కాంట్రాక్టర్ ముందే ఊహించినట్టే లెక్క, వాటి పేరుతో ధర మారదు. గల్ఫ్‌లో ప్రాసెస్ ప్లాంట్లలో పనిచేసిన మనవాళ్లకు ఈ బుక్ బాగా తెలిసే ఉంటుంది. మన దేశంలో జాతీయ రహదారుల ఈపీసీ నమూనా ఒప్పందంలోని డిస్‌క్లెయిమర్ ఆర్టికల్ కూడా ఇదే దారి. సైట్‌ను, నేల స్వభావాన్ని, భూగర్భ స్థితిని తానే స్వతంత్రంగా పరిశీలించుకున్నానని కాంట్రాక్టర్ ఒప్పుకుని సంతకం పెడతాడు.

క్లయింట్ ఫైనాన్స్ విభాగానికి ఇది బాగా నచ్చుతుంది. ఒకే అంకె, సవరణలు లేవు, ఆడిట్ ప్రశ్నలు లేవు. చిక్కు టెండర్ గదిలోనే మొదలవుతుంది. నేల గురించి సీరియస్‌గా ఆలోచించిన కాంట్రాక్టర్ చెడ్డ రాయికి, ఊట నీటికి డబ్బు వేసుకుంటాడు కాబట్టి అతని ధర పెరుగుతుంది. పట్టించుకోనివాడు ఎల్‌వన్ అవుతాడు. అంటే ఈ పద్ధతిలో రిస్క్‌ను మోయగలిగినవాడి కంటే దాన్ని చూడనివాడే గెలిచే అవకాశం ఎక్కువ. తర్వాత షియర్ జోన్, అంటే రాయి నలిగి బలహీనపడిన పట్టీ, తగిలినప్పుడు క్లాజ్ క్లయింట్ పక్షానే ఉంటుంది, కానీ సైట్‌లో మెషీన్లు ఆగిపోతాయి. కాంట్రాక్టర్ దివాలా తీస్తే గెలిచిన క్లాజ్‌తో సొరంగం తవ్వలేం కదా.

సిల్వర్ బుక్ ముందుమాటే కొన్ని హద్దులు చెబుతుంది. టెండరుదార్లకు క్లయింట్ పత్రాలను పరిశీలించే సమయం గానీ సమాచారం గానీ చాలనప్పుడు, లేదా పనిలో భూమి లోపలి భాగం గణనీయంగా ఉన్నప్పుడు ఈ బుక్ వాడొద్దని అందులోనే ఉంది. సొరంగానికి సిల్వర్ బుక్ పెట్టే క్లయింట్లు ఆ పేజీ తిప్పి ఉండరని నా అనుమానం.

తేడా క్లాజ్ ఒక్కటే ఉంటే

అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ఈ క్లాజ్ దాదాపు వందేళ్లుగా ఉంది. దాని వెనక ఉన్న లెక్క తేలికే. టెండరుదార్లు భయంతో ధరలో కలుపుకునే సొమ్మును క్లయింట్ ప్రతి పనిలోనూ కట్టడం కంటే, చెడ్డ నేల నిజంగా తగిలిన పనిలో మాత్రమే కట్టడం నయం. ఇప్పుడది అక్కడి ఫెడరల్ కొనుగోలు నిబంధనల్లో FAR 52.236-2 పేరుతో ఉంది, తేడాను రెండు రకాలుగా చూస్తుంది. మొదటి రకంలో, కాంట్రాక్టు పత్రాలు చూపించిన దానికి లోపల ఉన్నదానికి గణనీయమైన తేడా ఉండాలి. రెండో రకంలో పత్రాలు ఏమీ చెప్పకపోయినా ఫరవాలేదు, కానీ అలాంటి పనిలో మామూలుగా ఎదురుకాని అసాధారణ స్థితి తగిలిందని చూపించాలి. మొదటి రకం నిరూపించడం కాస్త సులువు, రెండోది చాలా కష్టం.

ఫిడిక్ రెడ్, ఎల్లో బుక్స్‌లోని 4.12 వేరే ప్రశ్న అడుగుతుంది. టెండర్ సమర్పణకు 28 రోజుల ముందున్న బేస్ డేట్ నాటికి, అనుభవమున్న కాంట్రాక్టర్ దీన్ని సమంజసంగా ఊహించి ఉండగలడా? ఊహించలేడని తేలితే సమయం, ఖర్చు వస్తాయి, లాభం రాదు. వాతావరణ పరిస్థితులు దీని కిందకు రావు.

ఈ ‘అనుభవమున్న కాంట్రాక్టర్’ ఎవరో ఎవరికీ తెలియదు. గొడవంతా అక్కడే. జిబ్రాల్టర్ ఎయిర్‌పోర్టు కేసు చూడండి. రన్‌వే కింద రోడ్డు సొరంగం పనిని 2008 డిసెంబరులో ఓహెచ్‌ఎల్ అనే స్పెయిన్ కంపెనీ ఎల్లో బుక్ కింద తీసుకుంది. ధర సుమారు 3 కోట్ల పౌండ్లు, గడువు రెండేళ్లు. ఆ నేలకు పాత సైనిక చరిత్ర ఉంది, మట్టి కలుషితమైందని అందరికీ తెలుసు. టెండర్‌తో ఇచ్చిన పర్యావరణ పత్రంలో కలుషిత మట్టి 10,000 ఘనపు మీటర్ల దాకా ఉండొచ్చన్న అంచనా ఉంది. కాంట్రాక్టర్ ఆ అంకెను పట్టుకున్నాడు. తవ్వకంలో అంతకంటే ఎక్కువ వచ్చిందని, అది ఊహించలేనిదని క్లెయిమ్ వేశాడు. లండన్ కోర్టు 2014లో ఒప్పుకోలేదు. క్లయింట్ ఇచ్చిన రిపోర్టును గుడ్డిగా నమ్మకుండా స్థలం చరిత్ర చూసి సొంతంగా అంచనా వేసుకోవాల్సిందేనని, పెద్ద మొత్తంలో కలుషిత మట్టి రావొచ్చని అనుభవమున్న కాంట్రాక్టర్ ఊహించేవాడేనని తేల్చింది. అప్పీలులోనూ కంపెనీకి ఊరట దొరకలేదు.

ఆ 10,000 అంకె ఒక బేస్‌లైన్‌గా కాంట్రాక్టులో ఉండి ఉంటే వాదన అసలు ఆ దారినే పోయేది కాదు. అది ఒట్టి సమాచారంగానే ఉండిపోయింది. తేడా క్లాజ్ ఒక్కటే ఉన్న కాంట్రాక్టుల్లో పెద్ద గొడవలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. తేడా ఉందని అందరూ ఒప్పుకుంటారు, దేనితో పోలిస్తే తేడా అన్నది మాత్రం ఎవరూ రాసి పెట్టరు.

జీబీఆర్ జత చేస్తే

బోర్ లాగ్‌లు, ల్యాబ్ ఫలితాలు, కోర్ ఫొటోలు ఉండేది డేటా రిపోర్టు. అది చూసింది చూసినట్టు చెబుతుంది. జీబీఆర్ ఆ డేటాను చదివి, ఈ కాంట్రాక్టు కోసం నేల ఇలా ఉందని అనుకుందాం అని క్లయింట్ ఇచ్చే ప్రకటన. అది నిజం కానక్కర్లేదు. రెండు పక్షాలూ ఒప్పుకున్న గీత అది. గీతకు ఇవతల ఏది వచ్చినా కాంట్రాక్టర్‌ది, అవతల ఏది వచ్చినా క్లయింట్‌ది. అమెరికన్ సివిల్ ఇంజనీర్ల సంఘం 1997 నుంచి దీనికి మార్గదర్శకాలు ఇస్తోంది. ఫిడిక్, అంతర్జాతీయ టన్నెలింగ్ సంఘం కలిసి 2019లో తెచ్చిన ఎమరాల్డ్ బుక్ దీన్ని కాంట్రాక్టు మధ్యలోనే కూర్చోబెట్టింది. అందులో ఊహించదగినదా కాదా అన్న ప్రశ్నకు జవాబు జీబీఆరే చెబుతుంది.

లెక్క చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. గ్రానైట్‌లో డ్రిల్లింగ్, బ్లాస్టింగ్‌తో తవ్వే 1,000 మీటర్ల సొరంగం ఉందనుకుందాం. అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవి. రాయిని మూడు తరగతులు చేశారు. టెండర్‌లో ఒక్కో తరగతికి రోజుకు ఎన్ని మీటర్లు తవ్వగలడో కాంట్రాక్టర్ రాసిచ్చాడు, ఎన్ని మీటర్లు వస్తాయో క్లయింట్ జీబీఆర్‌లో చెప్పాడు.

| రాయి | రోజుకు తవ్వకం | బేస్‌లైన్ పొడవు | రోజులు | నిజంగా వచ్చింది | రోజులు |
|---|---|---|---|---|---|
| మంచిది | 4 మీ. | 700 మీ. | 175 | 580 మీ. | 145 |
| పగుళ్లున్నది | 2.5 మీ. | 250 మీ. | 100 | 300 మీ. | 120 |
| నలిగిన షియర్ జోన్ | 0.5 మీ. | 50 మీ. | 100 | 120 మీ. | 240 |
| మొత్తం | | 1,000 మీ. | 375 | 1,000 మీ. | 505 |

ఎమరాల్డ్ పద్ధతిలో గడువు తనంతట తాను 505 రోజులవుతుంది. క్యాంపు, పంపులు, వెంటిలేషన్, స్టాఫ్ లాంటి సమయంతో నడిచే ఖర్చు రోజుకు 4 లక్షలని బీఓక్యూలో ఉంటే, 130 రోజులకు 5.2 కోట్లు అదనం. రాక్ బోల్టులు, షాట్‌క్రీట్, స్టీల్ రిబ్‌లు ఎటూ కొలతల ప్రకారమే వస్తాయి. ఇక్కడ వాదనకు పెద్దగా చోటు లేదు.

కాంట్రాక్టర్ నిజంగా 560 రోజులు తీసుకున్నాడనుకోండి. మిగిలిన 55 రోజులు అతనివే, వాటికి పెనాల్టీ కట్టాల్సిందే. రోజుకు 4 మీటర్లు తవ్వుతానని గొప్పగా రాసి 3.5 తవ్వితే అది నేల తప్పు కాదు. నేల రిస్క్ క్లయింట్‌ది, పనితనం రిస్క్ కాంట్రాక్టర్‌ది అని విడదీయడం ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చే గుణం. ఇది రెండు వైపులా తెగుతుంది కూడా. రాయి బాగుండి 800, 180, 20 మీటర్లుగా వచ్చి ఉంటే గడువు 312 రోజులకు తగ్గేది, క్లయింట్ కూడా మిగుల్చుకునేవాడు.

ఇదే సొరంగం రెండో రకం కాంట్రాక్టులో ఉంటే? అయిదు బోర్లలో ఒకదానిలో నలిగిన రాయి, కోర్ ఎంతవరకు ముక్కలు కాకుండా వచ్చిందో చెప్పే ఆర్‌క్యూడీ 15 మాత్రమే అని ఉందనుకోండి. అయిదింట ఒకటి చెడ్డగా ఉంటే 120 మీటర్లు ఊహించాల్సిందే అంటాడు క్లయింట్ జియాలజిస్టు. ఆ బోర్‌లో కనిపించిన మందాన్ని బట్టి 50 మీటర్లు దాటదనుకున్నాం అంటాడు కాంట్రాక్టర్ జియాలజిస్టు. ఇద్దరి మాటలోనూ అర్థముంది. ఆర్బిట్రేషన్‌కు రెండు మూడేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. మొదటి రకం కాంట్రాక్టులో అయితే వాదనే లేదు, 130 రోజులూ కాంట్రాక్టర్‌వే.

జీబీఆర్ ఎక్కడ చెడుతుంది

వాక్యాల్లో చెడుతుంది. శిథిలమైన గ్రానైట్ ఉన్న హైదరాబాద్ లాంటి చోట మొరం మధ్యలో గుండ్లు తగలడం మామూలే. దాని గురించి జీబీఆర్‌లో ‘అక్కడక్కడ గుండ్లు ఉండే అవకాశం ఉంది’ అని రాస్తే ఆ రిపోర్టు ఎవరికీ పనికిరాదు. ఒక గుండు వచ్చినా, నాలుగు వందలు వచ్చినా ఆ వాక్యం నిజమే. పనికొచ్చే వాక్యం ఇలా ఉంటుంది: ‘చైనేజ్ 300 నుంచి 450 వరకు తవ్వకంలో 300 మిల్లీమీటర్లు దాటిన గుండ్లు 40 తగులుతాయి, వాటిలో ఒక మీటరు దాటినవి 6’. చదవగానే కన్సల్టెంట్‌కు టెన్షన్ పుడుతుంది, 41వది వస్తే నన్ను తప్పు పడతారేమోనని. ఆ భయంతోనే ‘ఉండవచ్చు’, ‘సాధారణంగా’ అన్న మాటలు రిపోర్టు నిండా చేరతాయి. 41వ గుండు వస్తే కన్సల్టెంట్ తప్పు చేసినట్టు కాదని, ఆ గుండు డబ్బు క్లయింట్ ఇస్తాడని మాత్రమే అర్థమని ముందే మాట్లాడుకోవాలి.

నీటి విషయంలో అంకె ఒక్కటే చాలదు. సెకనుకు 20 లీటర్లు అన్నారు, సరే. తవ్వుతున్న ఫేస్ దగ్గరా, సొరంగం నోటి దగ్గర పోర్టల్‌లోనా? పగులు తెరుచుకున్న మొదటి పది నిమిషాల్లోనా, నిలకడగా 24 గంటల పాటా? ఫేస్‌కు 20 మీటర్లలోపు వచ్చే ఊట, వి-నాచ్‌తో కొలిచి, 24 గంటల సగటు అని రాసి ఉంటే కొలత మీద గొడవ రాదు. కొలిచే పద్ధతి లేని బేస్‌లైన్ అంకె కాగితం మీదే ఉండిపోతుంది.

రాయి బలం 120 మెగాపాస్కల్ సగటు అని రాయడం ఇంకో తప్పు. సగటు కలిసినా, పొడవులో మూడో వంతు 200 ఉంటే కట్టర్లు అరిగిపోతాయి. ఎంత శాతం పొడవు ఏ పరిధిలో ఉంటుందో రాయాలి.

గీత ఎక్కడ గీయాలన్నది కూడా క్లయింట్ చేతిలోనే ఉంది. నీళ్లు నిజంగా 20 లీటర్ల దాకా రావొచ్చని డేటా చెబుతుంటే, బేస్‌లైన్ 60 పెట్టిన క్లయింట్‌కు క్లెయిమ్‌లు రావు, కానీ ప్రతి టెండరుదారూ 60కి సరిపడా పంపులు, కరెంటు ధరలో వేస్తాడు. నీళ్లు రాకపోయినా ఆ డబ్బు పోయినట్టే. బేస్‌లైన్ 5 పెడితే టెండర్లు ముద్దుగా తక్కువ వస్తాయి, తర్వాత నెలనెలా నోటీసులు వస్తాయి. కాబట్టి బేస్‌లైన్‌ను డేటాకు దగ్గరగా పెట్టి, అది దాటితే కట్టడానికి పక్కన కొంత నిధి ఉంచుకోవాలి. ఆ నిధికి మంజూరు తెచ్చుకోలేని డిపార్ట్‌మెంట్ జీబీఆర్ జోలికి పోకపోవడమే మేలు.

ఇంత చేసినా కంచెలో కంతలుంటాయి. సియాటెల్‌లో వయాడక్ట్ బదులు తవ్విన రోడ్డు సొరంగానికి జీబీఆర్ ఉంది. 57 అడుగుల వ్యాసం దాటిన ఆ టన్నెల్ బోరింగ్ మెషీన్ 2013 డిసెంబరులో ఆగిపోయి, మళ్లీ కదలడానికి రెండేళ్లు పట్టింది. దారిలో 8 అంగుళాల ఉక్కు పైపు ఒకటి తగిలింది. భూగర్భ జలాల అధ్యయనం కోసం 2002లో రాష్ట్ర రవాణా శాఖ వేయించిన బావి కేసింగ్ అది. అది తేడా స్థితేనని, మెషీన్ దానివల్లే పాడైందని కాంట్రాక్టర్ అన్నాడు. ఆ బావి సంగతి టెండర్ పత్రాల్లోనే ఉందని, మెషీన్ చెడడానికి దానికి సంబంధం లేదని శాఖ అంది. 2019లో జ్యూరీ కాంట్రాక్టర్ వాదన ఒప్పుకోలేదు, ఎదురు 5.72 కోట్ల డాలర్లు శాఖకు కట్టమంది.

రాయి, మట్టి, నీళ్ల గురించి ఎంత వివరంగా రాసినా, మనుషులు పాతిపెట్టిన వాటిని విడిగా రాయకపోతే ఇలాంటి చిక్కే వస్తుంది. మన నగరాల్లో పాత బోరుబావులు, మూసేసిన దిగుడుబావులు, ఎప్పుడో వేసిన పైల్స్ ఇదే కోవ. ఇంకో సంగతి, జీబీఆర్‌కు డేటా రిపోర్టుకు, ఇతర అనుబంధ పత్రాలకు తేడా వస్తే ఏది చెల్లుతుందో ప్రాధాన్య క్రమంలో స్పష్టంగా ఉండాలి. కొందరు జీబీఆర్ ఇచ్చి, పాత టెంప్లేట్‌లోంచి ‘సైట్ సమాచారానికి క్లయింట్ బాధ్యుడు కాదు’ అన్న డిస్‌క్లెయిమర్‌ను కూడా అలాగే వదిలేస్తారు. ఆ రెండూ ఒకే కాంట్రాక్టులో ఉంటే లాయర్లకు పండగ.

బోర్లు వేయలేని చోట

తెలంగాణలో ఎస్‌ఎల్‌బీసీ సొరంగం పొడవు దాదాపు 44 కిలోమీటర్లు. నల్లమల కొండల కింద, పులుల అభయారణ్యం కింద వెళ్తుంది. 2005లో ఈపీసీ పద్ధతిలో పని ఇచ్చారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు కూలినప్పుడు ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. ఆ ప్రమాదానికి కాంట్రాక్టు పద్ధతే కారణమని నేను అనడం లేదు. అలాంటి పొడవైన, లోతైన, అడవి కింది సొరంగాల్లో పైనుంచి వరసగా బోర్లు వేయడం కుదరదు, మరి రిస్క్ పంపకం ఎలా అన్నదే ఇక్కడ ప్రశ్న.

డేటా లేదు కాబట్టి బేస్‌లైన్ రాయలేమని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. డేటా తక్కువైన కొద్దీ ఎవరో ఒకరు ఊహించాల్సిందే, ఆ ఊహను పదిమంది టెండరుదార్లు పదిరకాలుగా చేయడం కంటే క్లయింట్ ఒకసారి చేసి రాసి పెట్టడం నయం. దానికి తోడు ఫేస్ ముందుకు 30 మీటర్ల ప్రోబ్ డ్రిల్లింగ్, అవసరమైతే ప్రీ-గ్రౌటింగ్ బీఓక్యూలో విడి ఐటమ్‌లుగా, మీటరు లెక్కన డబ్బు వచ్చేలా ఉండాలి. లంప్‌సమ్‌లో కలిపేస్తే ఒత్తిడి పెరిగిన నెలలో మొదట ఆగేది ప్రోబ్ డ్రిల్లింగే.

మరి ఏది ఎంచుకోవాలి

తక్కువ లోతు పైపులైన్, బిల్డింగ్ పునాదులు, మామూలు వంతెనలకు జీబీఆర్ రాయించడం దండగ. మంచి డేటా రిపోర్టు, తేడా క్లాజ్, షీట్ రాక్‌కు మట్టికి విడివిడి రేట్లు ఉంటే గొడవలు చాలావరకు కొలతలతోనే తీరిపోతాయి. సొరంగం, షాఫ్ట్, మైక్రోటన్నెలింగ్ అయితే జీబీఆర్ పెట్టండి. డిజైన్ కూడా కాంట్రాక్టర్‌దే అయితే క్లయింట్ టెండర్‌కు ఒక వెర్షన్ ఇచ్చి, కాంట్రాక్టర్ తన తవ్వే పద్ధతిని బట్టి దాన్ని పూరించి, ఇద్దరూ ఒప్పుకున్నాక కాంట్రాక్టు వెర్షన్‌గా ఖరారు చేసే పద్ధతి ఉంది. అదే మంచిది, ఎందుకంటే ఒకే నేల బ్లాస్టింగ్‌కు ఒకలా, మెషీన్‌కు ఒకలా ప్రవర్తిస్తుంది. అంతా కాంట్రాక్టర్‌దే అన్న పద్ధతి, టెండరుదార్లకు సొంతంగా బోర్లు వేసుకునే సమయం ఇచ్చి, పనిలో నేల వాటా తక్కువగా ఉంటేనే సబబు.

మీరు కాంట్రాక్టర్ అయితే ఏ క్లాజ్ ఉన్నా నోటీసు గడువు తప్పితే అంతే సంగతులు. ఫిడిక్‌లో తెలిసిన రోజు నుంచి, లేదా తెలిసి ఉండాల్సిన రోజు నుంచి, 28 రోజులు. అమెరికా క్లాజ్‌లో ఆ స్థితిని కదిలించక ముందే రాతపూర్వకంగా చెప్పాలి. ప్రతి బ్లాస్ట్ తర్వాత ఫేస్ మ్యాపింగ్ షీట్ మీద రెండు పక్షాల జియాలజిస్టులూ అదే షిఫ్టులో సంతకం పెట్టాలి. షాట్‌క్రీట్ కప్పేశాక ఆ రాయి ఏ తరగతిదో ఎవరూ నిరూపించలేరు. తరగతి మీద ఇద్దరికీ కుదరకపోతే రెండు అభిప్రాయాలూ అదే షీట్ మీద రాసి, ఫొటో జత చేసి, పని ఆపకుండా ముందుకు వెళ్లండి.

టెండర్ పత్రాల్లో జీబీఆర్ లేకపోతే ప్రీ-బిడ్ మీటింగ్‌లో మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: షియర్ జోన్ ఎన్ని మీటర్లు అనుకుని ధర వేయాలి, ఊట నీరు ఎంత అనుకోవాలి, డేటా రిపోర్టు కాంట్రాక్టులో భాగమా కాదా. జవాబు వస్తే అది కాంట్రాక్టులో చేరేలా చూసుకోండి, మీకు ఒక చిన్న బేస్‌లైన్ దొరికినట్టే. ‘టెండరుదారే పరిశీలించుకోవాలి’ అన్న జవాబు వస్తే రిస్క్ మొత్తం మీదే. ధర ఆ లెక్కన వేయండి, లేదంటే టెండర్ వదిలేయండి.